ప్రకటనను నమ్ముకుని ఈఎంఐ నెత్తికెత్తుకోవద్దు

ప్రశ్న: సార్, మాది బరంపురం. వీడియో ఎడిటింగ్ చేస్తాను, కానీ పని నిలకడగా ఉండదు. హైదరాబాద్‌లో ఒక యూట్యూబ్ ఛానల్ నెలకు రూ.12,000 ఇస్తామని ప్రకటన పెట్టింది, జత చేశాను. లోన్ యాప్‌లో 24% వడ్డీకి రూ.80,000 తీసుకుని, 18 నెలల్లో కట్టేలా ల్యాప్‌టాప్ కొననా? పొదుపు రూ.40,000 ఉంది. ఇంటి ఖర్చు నెలకు రూ.15,000.

జవాబు: వద్దండీ. పని ఇంకా చేతికి రాలేదు, వచ్చింది ప్రకటన ఒక్కటే. దాన్ని చూపించి యాప్ అప్పు చేయడమేమిటి? ఇలాంటి ఉత్తరాలు చదివి చదివి విసుగొస్తోంది.

ప్రకటనలో నెలకు 20 వీడియోలన్నారు. అంటే వీడియోకు రూ.600. ఒక్కోదానికి ఎడిటింగ్ నాలుగు గంటలు, సబ్‌టైటిల్స్, థంబ్‌నెయిల్ కలిపి గంట, మార్పులకు ఇంకో గంట వేసుకోండి. గంటకు రూ.100 పడింది. అదీ మార్పులు గంటలో తెమిలితేనే. వాళ్లేమో ‘నచ్చేవరకు మార్పులు’ అని రాశారు. వీడియో నిడివి ఎంతో మాత్రం ఎక్కడా లేదు. రేపు అరగంట ఫుటేజీ పంపినా మీరు కాదనలేరు.

నాకు అన్నిటికన్నా గుచ్చుకున్న మాట ‘తెలుగు, ఒడియా రెండూ వచ్చినవారికి ప్రాధాన్యం’. మన సరిహద్దు ఊళ్లలో రెండు భాషలూ ఇంట్లోనే వచ్చేస్తాయి కాబట్టి అదొక పని అని మనకే తోచదు. ఒడియా సబ్‌టైటిల్స్ అంటే అనువాదం. దానికి వేరే ధర ఉండాలి. ప్రకటనలో రాసిన ‘సోషల్ మీడియాలో చిన్నచిన్న పనులు’ కూడా అదే బాపతు. లెక్క చెప్పని పని ఎప్పుడూ చిన్నదిగా ఉండదు.

దరఖాస్తు చేయండి, తప్పులేదు. ముందు మూడు అడగండి: నిడివి ఎన్ని నిమిషాలు, మార్పులు రెండుసార్లకు మించితే ఎంత, ఒడియాకు ఎంత. మొదటి వారం ఐదు వీడియోల సొమ్ములో సగం, రూ.1,500, అడ్వాన్స్‌గా అడగండి. రూ.1,500 పంపడానికి నసిగేవాళ్లను నమ్మి రూ.80,000 అప్పు చేస్తారా?

ఆ అప్పుకు ఈఎంఐ సుమారు రూ.5,340. ఛానల్ రెండో నెలలో మానేసినా మిగతా వాయిదాలు మీవే. మీ రూ.40,000 మూడు నెలల ఖర్చుకైనా చాలదు. నిలకడలేని రాబడి ఉన్నవారికి ఆరు నెలల ఖర్చు, అంటే మీకు రూ.90,000, పక్కన ఉండాలి. అది నిండేదాకా కొత్త ల్యాప్‌టాప్ మాటే ఎత్తకండి. చేతిలో అత్యవసర నిధి ఉంటేనే ఇలాంటి ప్రకటనకు ‘కుదరదు’ అనగలరు, లేకపోతే గంటకు రూ.100కీ తల ఊపాల్సిందే. ఇప్పుడున్న మెషీన్‌కు ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వేయిస్తే సరిపోతుందేమో బజార్లో కనుక్కోండి.

వాళ్లడిగిన ఉచిత ట్రయల్ వీడియో పూర్తిగా చేసివ్వకండి. 30 సెకన్ల ముక్క, మీ పేరు వాటర్‌మార్క్ వేసి పంపండి.