గంటకు 45 డాలర్లంటే ఏడాది చేతికి ఎంత?

చిరంజీవి బుజ్జికి, మామయ్య ఆశీస్సులు.

డాలస్‌లో నీకొచ్చిన రెండు ఆఫర్ల సంగతి అమ్మ చెప్పింది. ఒకటి కన్సల్టెన్సీ ద్వారా W-2 మీద, అంటే వాళ్ల ఉద్యోగిగా, గంటకు 45 డాలర్లు, ఇంకొకటి ఏడాదికి 90 వేల జీతం. గంటల లెక్కదే ఎక్కువ కదా అని నువ్వు అటు మొగ్గుతున్నావట. సంతకం పెట్టే ముందు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడమ్మా.

ముందు వారం తేల్చుకో. అమెరికాలో ఫుల్ టైమ్ అంటే మామూలుగా వారానికి 40 గంటలు, అంటే 45 × 40 = 1,800 డాలర్లు. అయితే ఆ 40 గంటలూ డబ్బు వచ్చే గంటలేనా అన్నది అడగాలి. తొమ్మిదింటికి వెళ్లి ఐదింటికి వచ్చే ఉద్యోగంలో రోజూ అరగంట లంచ్ టైమ్‌షీట్‌లోంచి తీసేస్తే వారానికి మిగిలేది 37.5 గంటలే. అప్పుడు 1,800 కాస్తా 1,687.50 అవుతుంది.

ఏడాది లెక్క వారం నుంచి రావాలి, నెల నుంచి కాదు. ఏడాదికి 52 వారాలు, 40 గంటల చొప్పున 2,080 గంటలు. దాన్ని 45తో గుణిస్తే 93,600. నెలకు కావాలంటే దీన్నే 12తో భాగించు, 7,800 వస్తుంది.

చాలామంది తప్పేది ఇక్కడే. నెలకు నాలుగు వారాలనుకుని 1,800ని నాలుగుతో గుణించి 7,200 అంటారు. నాలుగు వారాలంటే 28 రోజులు, ఒక్క ఫిబ్రవరి తప్ప ఏ నెలా 28 రోజులతో ఆగదు. అలా 12 నెలలకు 48 వారాలే లెక్కలోకి వచ్చి, నాలుగు వారాల సంపాదన, 7,200 డాలర్లు, కాగితం మీదే మాయమవుతుంది.

అయినా ఇంటి ఖర్చు వేసుకునేటప్పుడు మాత్రం ఆ 7,200నే పట్టుకో. రెండు వారాలకోసారి పేచెక్ ఇచ్చేచోట ఏడాదికి 26 చెక్కులొస్తాయి, ఒక్కోటి 3,600. పది నెలల్లో రెండేసి, రెండు నెలల్లో మూడేసి పడతాయి. అద్దె, కారు వాయిదా రెండు చెక్కుల్లో సరిపెట్టుకుంటే మూడో చెక్కు పడిన నెల డబ్బు పక్కకు తీయొచ్చు. నెలకు రెండుసార్లు ఇచ్చే పద్ధతైతే చెక్కులు 24. గంటల మీద పనిచేసేవాళ్లకు అందులో మొత్తం ఒకేలా ఉండదు. 20 పనిరోజుల నెలకు 7,200 వస్తే 23 పనిరోజుల నెలకు 8,280 వస్తుంది. తక్కువ వచ్చిందని కంగారుపడకుండా ముందు క్యాలెండర్‌లో పనిరోజులు లెక్కపెట్టు.

ఇక అసలు విషయానికొస్తాను. ఆ 93,600 అన్నది ఒక్క రోజు కూడా మానకుండా పనిచేస్తే వచ్చే అంకె. గంటల కాంట్రాక్టుల్లో చాలావాటికి సెలవు డబ్బు ఉండదు. థాంక్స్‌గివింగ్‌కి ఆఫీసు మూసినా, క్రిస్మస్ వారం క్లయింటు షట్‌డౌన్ అన్నా, నీకు జ్వరమొచ్చినా ఆ గంటలకు సున్నాయే. పండగ సెలవులు 10 రోజులు, ఇండియాకు మూడు వారాలంటే 15 పనిరోజులు, మొత్తం 25 రోజులు అనుకుందాం. రోజుకు ఎనిమిది చొప్పున 200 గంటలు పోయి 1,880 మిగులుతాయి. 1,880 × 45 = 84,600. నెలకు సగటున 7,050.

ఇప్పుడు 90 వేల ఉద్యోగాన్ని గంటల్లోకి మార్చి చూడు. 2,080తో భాగిస్తే 43.27 వస్తుంది, నిన్ను తప్పుదారి పట్టించిన అంకె అదే. ఆ ఉద్యోగంలో ఈ 25 రోజులకూ జీతం ఇస్తారు గనక, నువ్వు నిజంగా పనిచేసే గంటలు 1,880. దాంతో భాగిస్తే గంటకు 47.87 పడుతుంది. కాంట్రాక్టు దీనికి సాటి రావాలంటే కనీసం 48 అడగాలి. హెల్త్ ఇన్సూరెన్స్‌లో కంపెనీ భరించే వాటా ఇందులో కలపలేదు. కన్సల్టెన్సీ వాళ్లు అది ఇవ్వకపోతే ఇంకా పైకి అడగాలి.

ఓవర్‌టైమ్‌తో పూడుతుందిలే అనుకోకు. 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలన్న ఫెడరల్ చట్టం నుంచి గంటకు 27.63 డాలర్లు, ఆపైన తీసుకునే ప్రోగ్రామర్ల వంటి కంప్యూటర్ నిపుణులకు మినహాయింపు ఉంది. అదనపు గంటలకు మామూలు రేటే ఇవ్వొచ్చు. క్లయింటు మేనేజర్ ముందుగా ఒప్పుకోకపోతే ఆ గంటలు టైమ్‌షీట్‌లో ఎక్కించనివ్వని చోట్లూ ఉన్నాయి.

ఇవన్నీ పన్ను కోతకు ముందు అంకెలు. రెండు ఆఫర్లనూ పోల్చడానికి ఇవే చాలు, అద్దె ఇల్లు చూసుకోవడానికి మాత్రం చాలవు.

రిక్రూటర్‌కి ఈరోజే మెయిల్ పెట్టు. వారానికి ఎన్ని గంటలు బిల్లు చేస్తారు, పండగ సెలవులకూ షట్‌డౌన్‌కూ డబ్బు ఉంటుందా, చెక్కు ఎన్నాళ్లకోసారి? ఫోన్‌లో చెప్పింది సరిపోదు, రాతలో తెప్పించుకో. జవాబు రాగానే 2,080 స్థానంలో నీ అసలు గంటలు వేసి మళ్లీ గుణించు.

మామయ్య