పాటకు కట్ చేసిన పెళ్లి వీడియోలో రిపుల్, రోల్, స్లిప్, స్లైడ్: ఏది ఎప్పుడు?

ప్రశ్న: "నల్లగొండలో ఒక ఫోటో స్టూడియోలో పెళ్లి వీడియోల ఎడిటింగ్ నేర్చుకుంటున్నాను. ప్రీమియర్ ప్రోలో ప్రతి సవరణకూ రేజర్‌తో కోసి, తీసేసి, ఖాళీని మూస్తున్నాను. మూడు నిమిషాల పాటకే రెండు రోజులు పడుతోంది. రిపుల్, రోల్, స్లిప్, స్లైడ్ అనే నాలుగింటినీ చూశాను కానీ ఏది ఎప్పుడు వాడాలో తెలియడం లేదు."

జవాబు:

నేను మహబూబ్‌నగర్ వైపు పెళ్లిళ్ల వీడియోలు కట్ చేస్తాను. మొదటి ఏడాది నేనూ రేజర్ ఒక్కదానితోనే పని చేశాను. ఈ నాలుగింటి నిర్వచనాలు బట్టీ పట్టినా నాకు పని వేగం పెరగలేదు. సవరణకు ముందు "ఇక్కడ ఏది కదలకూడదు?" అని చూసుకోవడం అలవాటయ్యాకే పెరిగింది. పాటకు కట్ చేసిన వీడియోలో కదలకూడనిది పాట, దాని దెబ్బల మీద కూర్చోబెట్టిన కట్‌లు.

ఈ సంగతి నాకు ఒక నష్టంతో తెలిసింది. ఒక పెళ్లి పాటలో అరవైకి పైగా షాట్లను దరువుకు సరిపోయేలా పేర్చి, పాట ట్రాక్‌ను లాక్ చేసి ఉంచాను. మొదట్లో వచ్చే మంగళస్నానం షాట్ కొంచెం పొడవుగా అనిపించి, దాని చివరను రిపుల్‌తో 8 ఫ్రేములు తగ్గించాను. రిపుల్ ఒక షాట్ అంచును కత్తిరించి, ఆ వెనక ఉన్న షాట్లన్నిటినీ ముందుకు జరిపి ఖాళీని మూసేస్తుంది. లాక్ చేసిన పాట కదలలేదు, బొమ్మలన్నీ 8 ఫ్రేములు ముందుకు వచ్చేశాయి. 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో అది సెకనులో మూడో వంతు. ఒక్కో కట్ చూస్తే తప్పు పట్టలేము, కానీ వీడియో మొత్తం దరువు కంటే ముందే పరుగెడుతున్నట్టు ఉంటుంది. నేను మర్నాడు గానీ గుర్తించలేదు, అప్పటికి దాని మీద మరో ఇరవై సవరణలు చేసేశాను. అందుకే ఇప్పుడు పాట క్లిప్ మీదే ప్రతి పెద్ద దెబ్బకూ మార్కర్ పెట్టుకుంటాను. చివరి షాట్ కట్ తన మార్కర్ మీద ఉందో లేదో చూస్తే చాలు, మధ్యలో ఎక్కడైనా రిపుల్ జరిగి ఉంటే తెలిసిపోతుంది.

కాబట్టి రిపుల్‌ను పాట లేని చోట వాడండి. పెద్దల ఆశీర్వచనాలు, వధూవరుల మాటలు, అప్పగింతల దగ్గర సంభాషణలు కూర్చేటప్పుడు తడబాట్లనూ ఖాళీలనూ తీసేయాలి, వెనకదంతా దగ్గరకు రావాలి. అక్కడ ప్లే చేస్తూ, అక్కరలేని మొదటి భాగం ముగిసిన చోట Q, అక్కరలేని చివరి భాగం మొదలైన చోట W నొక్కితే కోయడం, తీసేయడం, మూయడం మూడూ ఒక్క దెబ్బతో అవుతాయి. కీబోర్డ్ ఇంగ్లిష్‌లో ఉండాలన్నది మరచిపోకండి.

పాటకు కట్ చేసిన భాగంలో మీ సమయాన్ని నిజంగా మిగిల్చేది స్లిప్. దాన్ని ఒక ఉదాహరణతో వివరంగా చెబుతాను. జీలకర్ర బెల్లం షాట్‌ను పాటలో 2 సెకన్లు, అంటే 50 ఫ్రేములు పెట్టారనుకోండి. దాని రెండు కట్‌లూ దరువు మీద సరిగ్గా ఉన్నాయి. పాటలో పెద్ద డోలు దెబ్బ ఆ షాట్‌లో 18వ ఫ్రేము దగ్గర పడుతోంది, కానీ వరుడి చేయి వధువు తల మీద ఆనేది 32వ ఫ్రేములో. చేయి 14 ఫ్రేములు ఆలస్యం. రేజర్ పద్ధతిలో ఆ షాట్‌ను తీసేసి, మూలాన్ని మళ్లీ తెరిచి, కొత్త మొదలు గుర్తించి, అంతే పొడవు లెక్కపెట్టి తిరిగి వేయాలి. స్లిప్‌లో Y నొక్కి ఆ షాట్‌ను పట్టుకుని ఎడమవైపు 14 ఫ్రేములు లాగితే సరిపోతుంది. షాట్ ఉన్న చోటూ దాని పొడవూ మారవు, లోపల కనిపించే దృశ్యం మాత్రమే జరుగుతుంది. ఎడమకు లాగితే మూలంలో తరువాతి భాగం కనిపిస్తుంది, కుడికి లాగితే ముందరి భాగం. మొదట్లో ఈ దిక్కు తారుమారుగా అనిపిస్తుంది. లాగుతున్నప్పుడు ప్రోగ్రామ్ మానిటర్‌లో రెండు పెద్ద బొమ్మలు కనిపిస్తాయి, అవి ఆ షాట్ కొత్త మొదటి ఫ్రేము, కొత్త చివరి ఫ్రేము. చేయి ఆనిన క్షణం మధ్యలో ఉంటుంది కనుక ఆ బొమ్మల్లో కనిపించదు. నేను ముందుగా ఫ్రేములు లెక్కపెట్టి లాగుతాను, తరువాత ప్లే చేసి చూస్తాను. షాట్‌కు మీరు జూమ్ కదలిక పెట్టి ఉంటే స్లిప్ తరువాత దాన్నీ ఒకసారి సరిచూసుకోండి, ఎందుకంటే ఆ కీఫ్రేములు దృశ్యంతో పాటే జరుగుతాయి.

రోల్‌కూ స్లిప్‌కూ తేడా ఇక్కడే బాగా తెలుస్తుంది. రోల్, అంటే N, రెండు షాట్ల మధ్య ఉన్న కట్‌ను జరుపుతుంది. ఒకటి ఎంత పెరిగితే రెండోది అంత తగ్గుతుంది, మొత్తం పొడవు అలాగే ఉంటుంది. రోల్ చేసినప్పుడు ఏ షాట్‌లోనూ క్రియ సమయం మారదు, అది మనకు ఎప్పటి నుంచి కనిపిస్తుందన్నదే మారుతుంది. పై ఉదాహరణలో కట్‌ను ఎంత రోల్ చేసినా చేయి ఆనే క్షణం టైమ్‌లైన్‌లో అక్కడే ఉంటుంది, దెబ్బకు కలవదు. పుస్తె కట్టే షాట్ నుంచి తల్లి ముఖానికి వెళ్లే కట్ దరువుకు 6 ఫ్రేములు వెనక పడితే మాత్రం రోల్ సరైనది. ఆశీర్వచనాల్లో నేను దీన్ని Alt పట్టుకుని బొమ్మ మీద మాత్రమే వాడతాను. నాయనమ్మ దీవెన మాట పూర్తి కాకముందే మనవడి ముఖం తెర మీదకు వస్తుంది, ఆమె గొంతు మాత్రం కొనసాగుతుంది.

స్లైడ్, అంటే U, నాకు తక్కువగా అవసరపడుతుంది. ఇది షాట్‌ను లోపలి దృశ్యం మార్చకుండా మొత్తంగా ముందుకో వెనక్కో జరుపుతుంది, ఇరుపక్కల షాట్లు ఆ మేరకు పెరిగి తగ్గుతాయి. అది బాగా పనికొచ్చే సందర్భం ఒకటి చెబుతాను. తండ్రి మాట్లాడుతున్న ఒకే పొడవైన షాట్ మధ్యలో, అదే ట్రాక్ మీద, కూతురి ముఖాన్ని వేశారనుకోండి. ఆ ముఖం ఒక మాట తరువాత రావాలనిపిస్తే స్లైడ్ చేయండి. ఎడమ షాట్ చివరా కుడి షాట్ మొదలూ సమానంగా జరుగుతాయి కనుక, తండ్రి పెదవులు మాటతో కలిసే ఉంటాయి. కూతురి షాట్‌ను పై ట్రాక్ మీద వేసి ఉంటే స్లైడ్ అక్కరలేదు, మామూలుగా లాగితే చాలు. ఇరుపక్కలవీ వేర్వేరు షాట్లయితే రెండు కట్‌లూ దరువు తప్పుతాయి, పాటలో అలా చేయకండి.

స్లిప్, రోల్, స్లైడ్ మూడూ షాట్‌కు వెలుపల మిగిలిన ఫుటేజ్ మీద ఆధారపడతాయి. లాగుతుంటే కొంత దూరం తరువాత కదలకపోతే మూలం అయిపోయిందని అర్థం. మీ లెక్క తప్పలేదు. జీలకర్ర బెల్లం షాట్‌లో ఎడమకు 14 ఫ్రేములు జరగాలంటే, మీరు వాడిన భాగం తరువాత కనీసం 14 ఫ్రేములు రికార్డై ఉండాలి. చేయి ఆనిన సెకనులోపే కెమెరా ఆపేస్తే అవి దొరకవు. అందుకే ముహూర్తానికి ముందే కెమెరా పట్టే అన్నతో, జీలకర్ర బెల్లం, పుస్తె, తలంబ్రాల షాట్లకు ముందూ వెనకా రెండేసి సెకన్లు అదనంగా తిప్పమని చెబుతాను.