గ్రాస్ మార్జిన్ ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా ఎందుకుంది?

ప్రశ్న: సార్, నా దగ్గర డాక్టర్ రెడ్డీస్ షేర్లు కొన్ని ఉన్నాయి. కంపెనీ ప్రెస్ రిలీజ్‌లో ఉన్న గ్రాస్ మార్జిన్ కన్నా నేను వాడే యాప్‌లో చాలా ఎక్కువ చూపిస్తోంది. ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చిన ఇండియన్ రిజల్ట్స్‌లో అయితే అసలు గ్రాస్ ప్రాఫిట్ అనే లైనే లేదు. దేన్ని నమ్మాలి?

జవాబు: రెండూ నమ్మొచ్చండీ, కాకపోతే ఆ రెండు మార్జిన్లనీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. డాక్టర్ రెడ్డీస్ న్యూయార్క్‌లో కూడా లిస్ట్ అయిన కంపెనీ కాబట్టి ఐఎఫ్ఆర్ఎస్ అనే అంతర్జాతీయ అకౌంటింగ్ పద్ధతిలో లెక్క ఒకటి ఇస్తుంది, అందులో ఖర్చుని ఏ పని కోసం పెట్టారో చూసి విడగొడతారు: అమ్మిన సరుకు ఖర్చు, అమ్మకాలు-ఆఫీసు ఖర్చు, ఆర్ అండ్ డీ. మన కంపెనీల చట్టం షెడ్యూల్ 3 మాత్రం డబ్బు దేనికి పోయిందో అడుగుతుంది: ముడిసరుకు, జీతాలు, తరుగుదల, వడ్డీ, మిగతా ఖర్చులు. ఫ్యాక్టరీలో ఆపరేటర్ జీతం, ల్యాబ్‌లో సైంటిస్ట్ జీతం, మెడికల్ రెప్ జీతం మన పట్టికలో ఒకే లైన్లో ఉంటాయి, ఐఎఫ్ఆర్ఎస్ పట్టికలో మూడు లైన్లలోకి పోతాయి.

లెక్క వేసి చూద్దాం, ఇది ఊహించుకున్న మందుల కంపెనీ. అమ్మకాలు 100 కోట్లు. ముడిసరుకు 40, జీతాలు 24, తరుగుదల 8, ఇతర ఖర్చులు 22, మొత్తం 94 కోట్లు, కానీ తయారుచేసి అమ్మకుండా మిగిలిన సరుకు ఈ ఏడాది 10 కోట్లు పెరిగింది కాబట్టి అది మైనస్ చేస్తే ఖర్చు 84, లాభం 16. ఇప్పుడు అదే కంపెనీని పనుల వారీగా రాద్దాం. ఫ్యాక్టరీకి ముడిసరుకు 40, జీతాలు 12, తరుగుదల 6, కరెంటు వగైరా 6 కలిపి 64 అయింది, స్టాక్‌లో ఉండిపోయిన 10 తీసేస్తే అమ్మిన సరుకు ఖర్చు 54. అంటే గ్రాస్ మార్జిన్ 46 శాతం. అమ్మకాలు-ఆఫీసుకి 22, ఆర్ అండ్ డీకి 8 పోతే మిగిలేది మళ్ళీ అదే 16.

మీ యాప్ సంగతి ఇక్కడే ఉంది. ఇలాంటి యాప్‌లు చాలావరకు ఇండియన్ రిజల్ట్స్ తీసుకుని ముడిసరుకు ఖర్చు మాత్రమే తీసేస్తాయి, మన లెక్కలో 40 లోంచి స్టాక్ 10 పోతే 30, మార్జిన్ 70 శాతం అని వస్తుంది. ఫ్యాక్టరీ జీతాలు, తరుగుదల, కరెంటు అందులో లేవు కాబట్టే అంత ఎక్కువ. కనక ఒక కంపెనీది యాప్ నుంచి, ఇంకో కంపెనీది ప్రెస్ రిలీజ్ నుంచి తీసుకుని పోల్చారంటే తప్పుడు కంపెనీ కొంటారు.

పనుల వారీ పట్టికలో నాకు బాగా నచ్చేది ఆర్ అండ్ డీ లైన్, మందుల కంపెనీలో ఒక క్వార్టర్ లాభం పెరిగింది అంటే ధరలు బాగుండి పెరిగిందా, పరిశోధన తగ్గించి పెరిగిందా అనేది అక్కడ ఒక్క చూపులో తెలుస్తుంది. మన పట్టికలో ఆ ఖర్చు జీతాల్లో కొంత, ఇతర ఖర్చుల్లో కొంత కలిసిపోయి ఉంటుంది. అయితే ఏది ఫ్యాక్టరీ ఖర్చు, ఏది ఆఫీసు ఖర్చు అని పంచేది కంపెనీయే, రవాణా ఖర్చుని ఒకరు అమ్మిన సరుకులో వేస్తారు, ఇంకొకరు అమ్మకాల ఖర్చులో వేస్తారు, అందుకే రెండు కంపెనీల గ్రాస్ మార్జిన్లలో ఒకటి రెండు శాతం తేడా కనిపిస్తే దాన్ని పెద్దగా పట్టించుకోను.

మన పట్టికలో మాత్రం ఒక లైన్ ఉంది, చాలామంది దాటేసి పోతారు, దయచేసి మీరు దాటొద్దు. అదే నిల్వల్లో మార్పు, పైన మనం మైనస్ చేసిన 10 కోట్లు. అమ్ముడుపోయే దానికన్నా ఎక్కువ తయారు చేస్తే ఫ్యాక్టరీ జీతాలు, తరుగుదలలో కొంత భాగం ఆ స్టాక్ విలువలోకి ఎక్కి కూర్చుంటుంది, ఈ ఏడాది ఖర్చులోకి రాదు, గ్రాస్ మార్జిన్ బాగుపడినట్టు కనిపిస్తుంది. పనుల వారీ పట్టికలో అది 54 లోపలే కలిసిపోయింది, తెలుసుకోవాలంటే బ్యాలెన్స్ షీట్‌కో క్యాష్ ఫ్లోకో వెళ్ళాలి. కొత్త మందు లాంచ్‌కి ముందు స్టాక్ పెంచడం మామూలే, తప్పేం కాదు. వరసగా మూడు నాలుగు క్వార్టర్లు ఆ మైనస్ పెద్దదవుతూ అమ్మకాలు మాత్రం కదలకపోతే అప్పుడు అనుమానించాలి, ఎందుకంటే ఆ సరుకు ధర తగ్గించి అమ్మినా, ఎక్స్‌పైరీ అయి రాసేసినా దెబ్బ తర్వాతి లాభం మీదే పడుతుంది. ఇంకోటి, ఆ లైన్లో ఉండేది తయారైన సరుకు, సగం తయారైనది, కొని అమ్మేది మాత్రమే, గోడౌన్లో ఉన్న ముడిసరుకు అందులోకి రాదు.

2027 జనవరి 1 నుంచి మొదలయ్యే ఏడాదులకి ఐఎఫ్ఆర్ఎస్ 18 వస్తోంది, పనుల వారీగా చూపించే కంపెనీలు జీతాలు, తరుగుదల లాంటివి ఏ లైన్లో ఎంత ఉన్నాయో ఒకే నోట్‌లో చెప్పాల్సి ఉంటుంది. ప్రస్తుతానికి మాత్రం మార్జిన్, ఆర్ అండ్ డీ ప్రెస్ రిలీజ్‌లోంచి, నిల్వల్లో మార్పు ఇండియన్ రిజల్ట్స్‌లోంచి తీసుకుని గత ఎనిమిది క్వార్టర్లవి ఒక షీట్‌లో రాసుకోండి, యాప్‌లో గ్రాస్ మార్జిన్ చూడటం ఆపేయండి.