అమ్ముడుపోని సరుకులోని లాభం, దానిపై అప్పు

ప్రశ్న: మా తయారీ రెండు ప్రక్రియల్లో సాగుతుంది. ఒక దశ నుంచి మరో దశకు సరుకు పంపేటప్పుడు ఖర్చుపై 25 శాతం లాభం కలుపుతాం. ఈ ఏడాది అన్ని ఖాతాల లాభం కలిపి 4,75,000 తేలింది. ముగింపు సరుకు విలువ 5,00,000. లాభమంతా తీసుకుని, సరుకును హామీగా పెట్టి అప్పు తెచ్చి కొత్త యంత్రం కొనవచ్చా?

జవాబు: కొనవద్దు. మీరు లాభమనుకుంటున్న మొత్తంలో 85,000 మీ గోదాములోనే ఉంది, ఇంకా ఏ కొనుగోలుదారూ దాన్ని చెల్లించలేదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మీరు పంపిన ఖాతాల్లో మొదటి ప్రక్రియలో మిగిలిన 1,00,000 సరుకు అసలు ఖర్చుకే ఉంది, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. రెండో ప్రక్రియకు 6,25,000కు సరుకు వచ్చింది, అందులో 1,25,000 మొదటి ప్రక్రియ లాభం. అక్కడ మరో 3,75,000 ఖర్చు చేరి మొత్తం 10,00,000 అయింది, కానీ అసలు ఖర్చు 8,75,000 మాత్రమే. అందువల్ల ఆ ప్రక్రియలో మిగిలిన 2,00,000 సరుకుకు అదే నిష్పత్తిలో అసలు ఖర్చు 1,75,000 అవుతుంది, తీసివేయాల్సిన వసూలుకాని లాభం 25,000. ఖర్చుపై 25 శాతమంటే పంపిన ధరపై 20 శాతమే కదా అని ఇక్కడ మొత్తం విలువపై 20 శాతం తీసేస్తే తప్పు, ఎందుకంటే ఆ దశలో చేరిన కూలీ, సామగ్రిపై ఇంకా లాభం కలపలేదు.

మిగిలిన 8,00,000 సరుకును మీరు 10,00,000కు తయారైన సరుకుల ఖాతాకు పంపారు. దాని అసలు ఖర్చు 7,00,000. చివరి దశ లాభాన్ని మాత్రమే చూసేవారు అక్కడి 2,00,000 నిల్వ నుంచి 40,000 తీసి సరిపెడతారు, కానీ లోపల మొదటి ప్రక్రియ లాభం కూడా ఒదిగి ఉంది కనుక ఆ నిల్వ అసలు ఖర్చు 1,40,000, తీయాల్సింది 60,000. ముందటి 25,000తో కలిపి 85,000. సరిచూసుకోవడం తేలిక: మీ అమ్మకాలు 9,50,000, అమ్ముడైన సరుకు అసలు ఖర్చు 5,60,000, తేడా 3,90,000. అదే మీ లాభం. వచ్చే ఏడాది ఈ 85,000 ప్రారంభ స్టాక్ రిజర్వుగా, అంటే నిల్వలోని వసూలుకాని లాభానికి పక్కన పెట్టిన మొత్తంగా వస్తుంది, అప్పుడు ముగింపు రిజర్వుకూ దానికీ గల తేడాను మాత్రమే సర్దాలి.

ఇక అప్పు సంగతి. అప్పిచ్చేవారికి మీరు చూపదగిన నిల్వ 5,00,000 కాదు, 4,15,000. ఉబ్బించిన విలువ చూపి తెచ్చిన అప్పు, వారు సరుకును ఖర్చు లెక్కన తనిఖీ చేసిన రోజున అప్పు పరిమితి కోతగా మారి, తేడా మొత్తాన్ని వెంటనే కట్టమని మీ మెడకు చుట్టుకుంటుంది. పైగా సరుకు అమ్ముడుపోకపోయినా వడ్డీ ఆగదు. మీ ఖాతాల్లో అత్యవసర నిధి అన్న పద్దే నాకు కనిపించలేదు, అప్పుకన్నా నన్ను కలవరపెట్టింది అదే. 3,90,000లో కొనుగోలుదారుల నుంచి ఇంకా రావాల్సిన బాకీలు పోగా చేతికొచ్చిన నగదు నుంచి ముందుగా ఆరు నెలల కూలీ, అద్దెకు సరిపడే మొత్తాన్ని వేరే ఖాతాలో పెట్టండి. సొంతానికి తీసుకునేది ఆ తరువాతే. యంత్రం తప్పనిసరైతే అద్దెకు దొరుకుతుందేమో విచారించండి.