ట్రాజోడోన్ వేసుకుంటే నిద్ర పడుతోంది, లేస్తే కళ్లు తిరుగుతున్నాయి... ఆపేయాలా?

ప్రశ్న: నా వయసు 64. నిద్ర పట్టడం లేదంటే డాక్టర్ నెల క్రితం ట్రాజోడోన్ 50 ఎంజీ రాత్రిపూట వేసుకోమన్నారు. నిద్ర బాగానే పడుతోంది. కానీ రాత్రి మూత్రానికి లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. మొన్న గోడ పట్టుకోకపోతే పడిపోయేవాణ్ని. బీపీకి ఆమ్లోడిపిన్, ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ కూడా వాడుతున్నాను. ఇది డిప్రెషన్ మందు అని నెట్‌లో ఉంది. ఆపేయాలా?

జవాబు: మీకు మీరుగా ఆపొద్దు, అలాగని వచ్చే నెల చెకప్ దాకా ఆగొద్దు కూడా. ఒకటి రెండు రోజుల్లో మీ డాక్టర్‌తో మాట్లాడండి. ఈలోగా నిజంగానే పడిపోయినా, స్పృహ తప్పినా, గుండె దడగా ఉన్నా, ఇక ఆ రాత్రి మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

డిప్రెషన్ మందు అన్నది నిజమే, దానికి కంగారు పడక్కర్లేదు. డిప్రెషన్‌కు సాధారణంగా రోజుకు 150 ఎంజీ నుంచి మొదలుపెడతారు. నిద్ర కోసం ఇచ్చేది 25 నుంచి 100 మధ్య. ఇంత తక్కువ డోసులో అది మెదడును మెలకువగా ఉంచే హిస్టమిన్‌ను, సెరటోనిన్‌కు చెందిన ఒక రకం రిసెప్టర్‌ను అడ్డుకుంటుంది. మత్తు అందువల్లే వస్తుంది. అయితే అదే డోసు ఆల్ఫా-1 అనే రిసెప్టర్లను కూడా అడ్డుకుంటుంది. మీ ఇబ్బంది అక్కడే ఉంది.

మనం పడుకుని లేవగానే కొంత రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. ఆ క్షణంలో నరాలు సంకేతం పంపితే రక్తనాళాలు బిగుసుకుని బీపీని నిలబెడతాయి. ఆ సంకేతం అందుకునేవి ఈ ఆల్ఫా-1 రిసెప్టర్లే. అవి మూసుకుపోతే నాళాలు వదులుగానే ఉండిపోతాయి, మెదడుకు కాసేపు రక్తం తగ్గుతుంది, కళ్లు బైర్లు కమ్ముతాయి. టామ్సులోసిన్ పనిచేసేది కూడా ఆల్ఫా-1 మీదే. ప్రధానంగా ప్రోస్టేట్ దగ్గరే అయినా, నాళాల మీదా కొంత ప్రభావం ఉంటుంది. ఆమ్లోడిపిన్ నాళాలను వేరే దారిలో వదులు చేస్తుంది. అంటే మూడు మందులూ ఒకే వైపు లాగుతున్నాయి. నా ఉద్దేశంలో తప్పు ట్రాజోడోన్ ఒక్కదానిదే కాదు, ఈ కలయికది.

ఇంట్లో బీపీ మెషీన్ ఉంటే ఊహించే పని లేదు. 5 నిమిషాలు పడుకుని బీపీ చూడండి. లేచి నిలబడి 1 నిమిషానికి ఒకసారి, 3 నిమిషాలకు మరోసారి చూడండి. పక్కన ఎవరైనా ఉండాలి, తూలితే వెంటనే కూర్చోండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ, అంతకు మించి గానీ పడితే కారణం ఇదేనని గట్టిగా చెప్పొచ్చు. ఉదాహరణకు పడుకుంటే 134/82, నిలబడ్డాక 108/74 వచ్చిందనుకోండి. పై అంకె 26 పడింది. కూర్చోబెట్టి మాత్రమే చూస్తే ఇది బయటపడకపోవచ్చు, క్లినిక్‌లో తరచూ జరిగేది అదే. ఉదయం ఒకసారి, మాత్ర వేసుకున్న గంటన్నరకు ఒకసారి చూసి ఆ అంకెలు రాసుకెళ్లండి. రెండుసార్లూ బీపీ పడకపోయినా కళ్లు తిరుగుతుంటే వేరే కారణం వెతకాలి. ఈ వయసులో ఈ మందుతో రక్తంలో సోడియం తగ్గడం వాటిలో ఒకటి. రక్తపరీక్షలో తెలిసిపోతుంది.

అంకెలు చూశాక మీ డాక్టర్ డోసును 25కు తగ్గించవచ్చు, బీపీ లేదా ప్రోస్టేట్ మందు వేళ మార్చవచ్చు, లేదా ట్రాజోడోన్ మాన్పించవచ్చు. అప్పటిదాకా మాత్రను ఖాళీ కడుపుతో వేసుకోకండి. ఖాళీ కడుపుతో అయితే గంటలోనే రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరుతుంది, కొంచెం తిన్నాక అయితే రెండు గంటలు పడుతుంది, మందు ఉధృతి కాస్త తగ్గుతుంది. నిద్ర కొంచెం ఆలస్యంగా పట్టినా ఫర్వాలేదు. మద్యం పూర్తిగా వద్దు. మూత్రానికి లేచేటప్పుడు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, కాళ్లు ఆడించి, లైటు వేసుకున్నాకే నిలబడండి. మగవాళ్లు నిలబడి మూత్రం పోసేటప్పుడు బీపీ ఇంకా పడుతుంది, కాబట్టి రాత్రిళ్లు కూర్చుని పోయడం మేలు. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

నోరు ఎండడం, పొద్దున మత్తు వదలకపోవడం, తలనొప్పి, వికారం కూడా ఈ మందుతో మామూలే. మత్తుగా ఉన్న ఉదయం బండి నడపకండి. మగవాళ్లలో అరుదుగా అంగం గట్టిపడి తగ్గకుండా ఉండిపోతుంది. 4 గంటలు దాటితే శాశ్వత నష్టం జరగవచ్చు, అర్ధరాత్రి అయినా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఇన్ఫెక్షన్‌కు క్లారిత్రోమైసిన్, ఫంగస్‌కు ఇట్రాకొనజోల్ లాంటివి ఎవరైనా రాస్తే ట్రాజోడోన్ వాడుతున్నానని ముందే చెప్పండి. అవి ఈ మందును ఒంట్లో పేరుకునేలా చేస్తాయి, అప్పుడు 50 వేసుకున్నా ఎక్కువ డోసు వేసుకున్నట్టే అవుతుంది.