వెండర్ ఫీడ్ పాడై జాబ్ ఆపినప్పుడు టీమ్‌కి మెసేజ్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: కొత్తగా టీమ్ లీడ్ అయ్యాను. డేటా ఇచ్చే వెండర్ ఫైలు తప్పుగా వస్తోంది, వాళ్లు సరిచేసేదాకా రోజువారీ జాబ్ ఆపేస్తున్నా. "జాబ్ తాత్కాలికంగా ఆపాం, వివరాలు తర్వాత" అని పెడితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. మెసేజ్ చదివేవాళ్లకు అన్నిటికన్నా ముందు తెలియాల్సింది, స్క్రీన్ మీద కనబడే లెక్క ఏ తేదీ వరకు నమ్మొచ్చు అన్నది. జాబ్ ఆగినా డ్యాష్‌బోర్డు మామూలుగానే తెరుచుకుంటుంది, పాత అంకెలే తాజావాటిలా కనబడతాయి.

నేను నల్గొండలో ఒక చిన్న టీమ్‌ని చూస్తున్నా. ఉమ్మడి నల్గొండ, పాలమూరు మార్కెట్ యార్డుల ధరలు ఒక వెండర్ నుంచి పొద్దున్నే సీఎస్వీ ఫైలుగా వస్తాయి. మా జాబ్ ఆరున్నరకు వాటిని టేబుల్‌లోకి ఎక్కిస్తుంది, ఏడింటికి ఇంకో జాబ్ వ్యాపారులకు ఎస్ఎంఎస్‌లు పంపుతుంది. ఒకరోజు జడ్చర్లలోని బాదేపల్లి యార్డు నుంచి ఒక అడ్తిదారు ఫోన్ చేసి, "ఏందన్నా, పల్లి గరిష్ఠ ధర కన్నా సగటు రేటే ఎక్కువుంది?" అన్నాడు. ఫైలు తెరిస్తే సంగతి బయటపడింది. అంకెలు ఉదాహరణకు వేసినవే, తీరు మాత్రం అదే:

```
పాతది: jadcherla,groundnut,5800,7100,6450
కొత్తది: jadcherla,groundnut,412,5800,7100,6450
```

పాత ఫైల్లో వరుస కనిష్ఠం, గరిష్ఠం, సగటు. వెండర్ చెప్పాపెట్టకుండా మధ్యలో సరుకు ఎంత వచ్చిందో చెప్పే కాలమ్ చేర్చాడు. మా జాబ్ కాలమ్‌లను పేరుతో కాక వరుసతో చదువుతుంది. అందుకని 412 క్వింటాళ్ల రాక కనిష్ఠ ధర అయింది, 7100 సగటు అయింది. అన్నీ అంకెలే కాబట్టి ఎక్కడా ఎర్రర్ రాలేదు, జాబ్ పచ్చరంగులోనే ముగిసింది. ఇలాంటిది పట్టుకోవడానికి ఒక్క క్వెరీ చాలు, మా టేబుల్‌లో సగటు కాలమ్ పేరు modal:

```
SELECT market, crop FROM prices
WHERE modal > max_price OR modal < min_price;
```

మనమే కోడ్ మార్చుకోవచ్చు కదా అని టీమ్‌లో అడుగుతారు, మా దగ్గరా అడిగారు. కానీ అదే ఫైల్లో కొన్ని యార్డుల వరుసలు పాత పద్ధతిలో, కొన్ని కొత్త పద్ధతిలో ఉన్నాయి. మనం ఒక తీరుకు సర్దుకున్నాక వెండర్ సరిచేస్తే మళ్లీ విరుగుతుంది. అందుకే ఆపడమే నయమనుకున్నాం.

ఆపేముందు ఈ జాబ్ మీద ఆధారపడ్డవి ఏమేం ఉన్నాయో చూశాం. లోడ్ జాబ్ ఒక్కటే ఆపితే ఏడింటి జాబ్ నిన్నటి ధరలను ఇవాళ్టివిగా పంపేస్తుంది, దానికి వేరే షెడ్యూల్ ఉంది మరి. రెండూ ఆపాకే ఈ మెసేజ్ పెట్టాను:

> daily_mandi_prices, price_sms రెండూ ఈ ఉదయం 8:10 నుంచి ఆపాం. సోమవారం వరకున్న ధరలు సరైనవి. మంగళవారం ధరలు తప్పు, వాటిని టేబుల్ నుంచి తీసేశాం. ఆ రోజు ఎస్ఎంఎస్ అందినవాళ్లకు సవరణ మధ్యాహ్నంలోపు వెళ్తుంది. కారణం: వెండర్ ఫైల్లో కొత్త కాలమ్ వచ్చి ధరలు పక్కకు జరిగాయి. టికెట్ వేశాం, వెండర్‌తో మాట్లాడేది నేనే. వరసగా రెండు రోజుల ఫైళ్లు ధరల తనిఖీ దాటితేనే తిరిగి మొదలుపెడతాం. అప్పటిదాకా ఎవరూ చేత్తో నడపొద్దు. కొత్త సంగతి ఉన్నా లేకున్నా రోజూ 11 గంటలకు ఇక్కడే రాస్తా.

ఇందులో "రేపటికి అయిపోతుంది" అని ఎక్కడా లేదు చూడండి. వెండర్ గడువు మన చేతిలో లేదు, మనం చెప్పగలిగింది షరతు ఒక్కటే. "సరిచేశాం" అని వాళ్ల మెయిల్ రావడం కూడా షరతు కింద లెక్క కాదు. మాకు ఆ మెయిల్ వచ్చాక దిగిన మొదటి ఫైల్లో సూర్యాపేట వరుసలు ఇంకా పాత తప్పుతోనే ఉన్నాయి. చేత్తో నడపొద్దన్న వాక్యం మాత్రం వదలకండి, మంచి మనసుతో ఒకరు రన్ బటన్ నొక్కుతారు.

తిరిగి మొదలుపెట్టే రోజు ఇంకో చిక్కుంది. ఎయిర్‌ఫ్లో వాడుతుంటే ఆన్ చేసేముందు `catchup` చూడండి. అది `True` అయితే ఆగిన రోజుల రన్‌లన్నీ వరసపెట్టి నడుస్తాయి, ఎస్ఎంఎస్ జాబ్ కూడా అలాగే ఉంటే వ్యాపారులకు వారం పాత ధరలు ఒక్కసారే వెళ్తాయి. `False` అయితే చివరి రన్ ఒక్కటే నడుస్తుంది, మధ్యలో రోజులు ఖాళీగా మిగులుతాయి. మామూలు క్రాన్‌లో అయితే తప్పిన రన్‌లు వాటంతట అవి తిరిగి రావు. మేం ఎస్ఎంఎస్ జాబ్‌ని ఆపే ఉంచి, వెండర్ మళ్లీ పంపిన ఫైళ్లను తేదీల వారీగా ఒక్కొక్కటే ఎక్కించి, పై క్వెరీలో ఒక్క వరుసా రాలేదని చూశాక, మర్నాటి నుంచి ఎస్ఎంఎస్‌లు వదిలాం.