ఆడిటర్ ‘తప్ప’ అని రాస్తే వాటాదారు ఏం చూడాలి?

ప్రశ్న: లాయరు గారూ, నాకు ఒక లిస్టెడ్ కంపెనీలో 600 షేర్లున్నాయి. ఈ ఏడాది లాభం 6 కోట్లని చూపించారు. కానీ ఆడిటర్ ‘క్వాలిఫైడ్ ఒపీనియన్’ ఇచ్చి, పాత కస్టమర్ బాకీ 9 కోట్లు రాకపోవచ్చని లాభంలోంచి కేటాయింపు చేయలేదని రాశారు. కింద ‘ఎంఫసిస్ ఆఫ్ మేటర్’ పేరుతో జీఎస్టీ డిమాండు గురించి ఇంకో పేరా ఉంది. టెన్షన్‌గా ఉంది. కేసు వెయ్యొచ్చా?
– ఒక వాటాదారు, బొబ్బిలి, విజయనగరం జిల్లా

జవాబు: ముందు మొదటి పేరా సంగతి చూద్దాం. ఈ ఒక్క విషయం తప్ప మిగతా లెక్కలు సరిగానే ఉన్నాయని ఆడిటర్ అక్కడ చెబుతున్నారు. ఆ ‘తప్ప’ ఎంత పెద్దదో మీరే లెక్క వేసుకోవచ్చు. ఆ బాకీ అసలు రాదనుకోండి. పన్ను పక్కన పెడితే 6 కోట్ల లాభం కాస్తా 3 కోట్ల నష్టమవుతుంది. అంత తేడా వస్తున్నా ఇంకా కఠినంగా ఎందుకు రాయలేదంటే, తప్పు ఒక్క ఖాతా దగ్గరే ఆగిందని ఆడిటర్ భావించారు. అదే లెక్కలన్నిటా పాకి ఉంటే, మొత్తం లెక్కలే సరిగా లేవనే ‘యాడ్వర్స్ ఒపీనియన్’ వచ్చేది. కొన్ని నివేదికల్లో అంకె ఉండదు, తగిన ఆధారాలు దొరకలేదని మాత్రమే ఉంటుంది. నన్నడిగితే అలాంటివే ఎక్కువ అనుమానించదగ్గవి.

రెండో పేరా అలాంటిది కాదు. జీఎస్టీ వివాదాన్ని కంపెనీ లెక్కల్లో చూపిన తీరును ఆడిటర్ ఒప్పుకున్నారు, మీ దృష్టి దాటిపోకూడదని గుర్తుచేశారంతే. అందులో చెప్పిన నోట్ నంబరు తెరిచి, డిమాండు ఎంత, అప్పీలు ఏ దశలో ఉందో చదవండి.

కంపెనీల చట్టం సెక్షన్ 134 ప్రకారం, ఆడిటర్ ఇలా ‘తప్ప’ అని పెట్టిన ప్రతి క్వాలిఫికేషన్‌కూ డైరెక్టర్ల నివేదికలో వివరణ ఉండాలి. ‘వసూలవుతుందని నమ్ముతున్నాం’ అన్న ఒక్క ముక్కతో సరిపెడితే అది వివరణ కిందకి రాదని నా అభిప్రాయం. లిస్టెడ్ కంపెనీ కాబట్టి, క్వాలిఫికేషన్ వల్ల లాభం, నెట్‌వర్త్ ఎంత మారతాయో చూపే పట్టిక కూడా వార్షిక ఫలితాలతోపాటు స్టాక్ ఎక్స్ఛేంజీకి ఇవ్వాలి. ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్లో అది దొరుకుతుంది. నిరుటి నివేదిక కూడా తీయండి. ఇదే పేరా అప్పుడూ ఉంటే, యాజమాన్యం ఏడాదిగా కదల్లేదన్నమాట.

ఇక కేసు మాట. క్వాలిఫికేషన్ ఉన్నంత మాత్రాన నష్టపరిహారం రాదు. మోసమో, తప్పుదారి పట్టించే ప్రకటనో ఉందని చూపాలి. సెక్షన్ 245 కింద వాటాదారులు కలిసి జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్లే దారి ఉంది కానీ, 600 షేర్లతో ఒక్కరే వెళ్లలేరు. కనీసం 100 మంది సభ్యులో, మొత్తం సభ్యుల్లో 5 శాతమో, ఏది తక్కువైతే అంతమంది కలవాలి. లేదంటే లిస్టెడ్ కంపెనీ మూలధనంలో 2 శాతం వాటా ఉన్నవాళ్లు కావాలి.

ఇప్పటికి మీ చేతిలో ఉన్నది వార్షిక సర్వసభ్య సమావేశం. మినహాయింపు ఉంటే తప్ప ఆడిటర్ కూడా దానికి రావాలి. నోటీసులో చెప్పిన గడువులోగా వక్తగా పేరు నమోదు చేసుకుని, ఒక్కటే అడగండి: ‘మార్చి 31 తర్వాత ఆ 9 కోట్లలో బ్యాంకు ఖాతాలోకి ఎంత జమ అయింది?’